స్టేట్‌మెంటులో కనిపించే పతనం, నిజంగా జరిగిన పతనం

మ్యూచువల్ ఫండ్లు, షేర్లు ఉన్నవారికి మెయిల్‌లో వచ్చే ఏకీకృత ఖాతా స్టేట్‌మెంటును అందరూ క్యాస్ అంటారు. షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే డిపాజిటరీలు ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ పంపే ఈ స్టేట్‌మెంటులో గత 12 నెలల విలువలు ఒక పట్టికగా ఉంటాయి. నెల, ఆ నెలాఖరున పోర్ట్‌ఫోలియో మొత్తం విలువ, అంతకుముందు నెలతో పోలిస్తే రూపాయల్లో మార్పు, శాతంలో మార్పు అందులో కనిపిస్తాయి. ఆ శాతాల గడి చూసి చాలామంది తమ పెట్టుబడి ఎంత ఎగుడుదిగుడుగా నడిచిందో, అత్యధికంగా ఎంత పడిందో అంచనా వేసుకుంటారు. కానీ ఆ గడి రాబడిని చూపించదు. విలువ ఎందుకు మారిందో దానికి తెలియదు. మార్కెట్ పెరిగి మారిందా, సిప్ సొమ్ము చేరి మారిందా, పెళ్లి ఖర్చుకు డబ్బు తీయడం వల్ల మారిందా అన్న తేడా లేకుండా అన్నిటినీ ఒకే శాతంలో కలిపేస్తుంది.

నెలాఖరు విలువలతో పోర్ట్‌ఫోలియో నష్టభయాన్ని కొలవడం సాధ్యమే. రోజువారీ లెక్కలు లేని మామూలు మదుపరికి అదే అందుబాటులో ఉన్న మార్గం. అయితే అందుకు రెండు పనులు చేయాలి. మొదట విలువల్లోంచి జమలను, ఉపసంహరణలను విడదీయాలి. ఆ తర్వాత నెలాఖరు చూపు దేన్ని చూడలేదో తెలుసుకుని ఫలితాన్ని చదవాలి. మొదటిది చేయకపోతే అంకె తప్పుతుంది. రెండోది చేయకపోతే సరైన అంకె కూడా లేనిపోని ధైర్యం ఇస్తుంది.

కొలవాల్సిన రెండింటినీ ముందుగా చెప్పుకుందాం. శిఖరం నుంచి గరిష్ఠ పతనం, మార్కెట్ వాళ్ల మాటలో మ్యాగ్జిమమ్ డ్రాడౌన్, ఒక ప్రశ్నకు జవాబు: అప్పటివరకు చేరిన అత్యధిక స్థాయి నుంచి పోర్ట్‌ఫోలియో ఎప్పుడైనా ఎంత శాతం దిగువకు వెళ్లింది? ఒడుదొడుకుల కొలత వేరు. నెలసరి రాబడులు తమ సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో అది చెబుతుంది. గణితంలో దాన్ని ప్రామాణిక విచలనం అంటారు. నెలసరి విచలనాన్ని 12 వర్గమూలంతో, అంటే దాదాపు 3.46తో గుణిస్తే ఏడాది లెక్కకు వస్తుంది.

ఇప్పుడు ఒక పోర్ట్‌ఫోలియోను తీసుకుందాం. అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే అయినా, కాలం మాత్రం 2020లో మార్కెట్ నడిచిన తీరుకు దగ్గరగా ఉంది. సుమారు 70 శాతం ఈక్విటీ ఫండ్లు, మిగతాది డెట్ ఫండ్లు ఉన్న కుటుంబం. 2019 డిసెంబర్ 31 నాటికి విలువ 10 లక్షలు. ప్రతి నెల 10న 25,000 రూపాయల సిప్ వెళ్తుంది. ఏప్రిల్‌లో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరితే ఆ 2 లక్షలు కూడా ఫండ్లలో పెట్టారు. జూలైలో ఇంటి అవసరానికి 4 లక్షలు తీశారు.

| నెలాఖరు | విలువ | ఆ నెల నికర జమ | స్టేట్‌మెంటు చూపే మార్పు | అసలు రాబడి |
|---|---|---|---|---|
| డిసెంబర్ 2019 | 10,00,000 | | | |
| జనవరి 2020 | 10,13,000 | 25,000 | +1.3% | -1.2% |
| ఫిబ్రవరి | 9,92,000 | 25,000 | -2.1% | -4.5% |
| మార్చి | 8,50,000 | 25,000 | -14.3% | -16.6% |
| ఏప్రిల్ | 11,60,000 | 2,25,000 | +36.5% | +8.8% |
| మే | 11,67,000 | 25,000 | +0.6% | -1.5% |
| జూన్ | 12,52,000 | 25,000 | +7.3% | +5.1% |
| జూలై | 9,30,000 | -3,75,000 | -25.7% | +5.0% |

నాలుగో నిలువు వరుస ఒక్కటే చూస్తే కథ ఇలా ఉంటుంది. జనవరిలో కొంచెం పెరిగింది. మార్చిలో పడింది గానీ ఏప్రిల్‌లోనే పాత శిఖరం దాటి కొత్త ఎత్తుకు చేరింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ జూలైలో తగిలింది, 25.7 శాతం. ఈ కథలో ప్రతి వాక్యమూ తప్పే. జనవరిలో పోర్ట్‌ఫోలియో నష్టపోయింది, సిప్ సొమ్ము ఆ నష్టాన్ని కప్పేసింది. ఏప్రిల్ నాటి ‘కొత్త శిఖరం’లో 2 లక్షలు బయటి నుంచి వచ్చిన డబ్బు. జూలైలో మార్కెట్ పెరిగింది, పోర్ట్‌ఫోలియో 5 శాతం లాభపడింది. ఇంట్లోకి తెచ్చుకున్న సొంత డబ్బు పతనంగా నమోదైంది.

అసలు రాబడి కట్టే పద్ధతి కష్టమైనదేమీ కాదు. నెలాఖరు విలువలోంచి నెల మొదటి విలువను, ఆ నెల నికర జమను తీసేస్తే మిగిలేది ఆ నెల లాభం లేదా నష్టం. మార్చిలో 8,50,000 నుంచి 9,92,000ను, 25,000ను తీసేస్తే 1,67,000 నష్టం. దీన్ని దేనితో భాగించాలన్నది తర్వాతి ప్రశ్న. నెల మొదట ఉన్న సొమ్ము నెలంతా పనిచేసింది. మధ్యలో వచ్చిన 25,000 కొన్ని రోజులే పనిచేసింది కాబట్టి దానిలో సగమే లెక్కలోకి తీసుకుంటారు. 9,92,000కు 12,500 కలిపితే 10,04,500. దానితో 1,67,000ను భాగిస్తే 16.6 శాతం నష్టం తేలుతుంది. దీన్ని డీట్జ్ పద్ధతి అంటారు.

ఇలా వచ్చిన నెలసరి రాబడులను గొలుసుగా అల్లుకుంటూ పోతే పోర్ట్‌ఫోలియోకు సొంత సూచీ తయారవుతుంది. డిసెంబర్ 31ని 100 అనుకుంటే జనవరి చివరకు 98.8, ఫిబ్రవరికి 94.4, మార్చికి 78.7, ఏప్రిల్‌కు 85.6, మేకు 84.3, జూన్‌కు 88.6, జూలైకి 93.0 వస్తాయి. ఒక్కో యూనిట్ విలువను చెప్పే మ్యూచువల్ ఫండ్ ఎన్‌ఏవీ చేసే పని కూడా ఇదే. ఫండులోకి ఎంత డబ్బు వచ్చినా పోయినా ఎన్‌ఏవీ కదలదు, లోపల ఉన్న పెట్టుబడుల ధర మారితేనే కదులుతుంది. కుటుంబ పోర్ట్‌ఫోలియోకు అలాంటి ఎన్‌ఏవీ ఎవరూ లెక్కకట్టి పంపరు, మనమే కట్టుకోవాలి.

ఈ సూచీ మీద పతనం కొలిస్తే 100 నుంచి 78.7కు, అంటే 21.3 శాతం. అది 2020 మార్చి చివరన జరిగింది, జూలైలో కాదు. ఏప్రిల్ చివరికి పోర్ట్‌ఫోలియో కోలుకోనే లేదు, శిఖరానికి ఇంకా 14 శాతం దిగువనే ఉంది. జూలై చివరికి కూడా 7 శాతం లోటు మిగిలే ఉంది. ఒడుదొడుకుల లెక్కలో తేడా మరీ ఎక్కువ. స్టేట్‌మెంటు శాతాలతో కడితే వార్షిక విచలనం 67 శాతం, అసలు రాబడులతో కడితే 29 శాతం. డెట్ ఫండ్లు కలిసిన పోర్ట్‌ఫోలియోకు 67 శాతం వచ్చిందంటే లెక్కలో ఏదో తేడా ఉందని అక్కడే అనుమానించాలి.

స్ప్రెడ్‌షీటులో దీనికి నాలుగైదు సూత్రాలు చాలు. A వరుసలో తేదీ, B లో నెలాఖరు విలువ, C లో నికర జమ (తీసిన డబ్బుకు మైనస్ గుర్తు) ఉంచితే:

```
D3:  =(B3-B2-C3)/(B2+C3/2)
E2:  100
E3:  =E2*(1+D3)
F2:  =E2/MAX(E$2:E2)-1

=MIN(F2:F9)
=STDEV.S(D3:D9)*SQRT(12)
```

D3, E3, F2 లను కిందికి లాగితే ప్రతి నెలకూ లెక్క వస్తుంది. F వరుసలో ఉన్నది ఆ రోజు వరకు చేరిన శిఖరం నుంచి ఉన్న దూరం. `E$2` లోని డాలర్ గుర్తు మరచిపోతే కిందికి లాగినప్పుడు శిఖరం వెతికే పరిధి కూడా జారిపోతుంది. అప్పుడు ప్రతి నెలా తనే శిఖరం అయిపోయి వరుసంతా సున్నాలు వస్తాయి. లెక్క పూర్తయ్యాక ఒక చిన్న సరిచూపు చేయాలి. మొదటి విలువకు మొత్తం నికర జమను, నెలనెలా వచ్చిన లాభనష్టాల మొత్తాన్ని కలిపితే చివరి విలువ రావాలి. ఇక్కడ 10,00,000 నుంచి నికర ఉపసంహరణ 25,000, నికర నష్టం 45,000 తీసేస్తే 9,30,000 వస్తుంది, స్టేట్‌మెంటుతో సరిపోయింది. అయితే ఈ సరిచూపు టైపింగు పొరపాట్లనే పట్టిస్తుంది. ఒక జమను మొత్తంగా మరచిపోతే అది లాభంగా మారిపోతుంది, కూడిక మాత్రం కుదిరినట్టే కనిపిస్తుంది. అలాంటి లోపం బయటపడాలంటే ఆ నెల రాబడిని అదే నెల నిఫ్టీ కదలికతో పోల్చాలి. నిఫ్టీ 2 శాతం పెరిగిన నెలలో పోర్ట్‌ఫోలియో 20 శాతం పెరిగినట్టు వస్తే ఎక్కడో ఒక జమ లెక్కకు ఎక్కలేదని అర్థం.

నెల మధ్యన వచ్చినట్టు అనుకునే సగం లెక్క చిన్న సిప్‌లకు బాగానే సరిపోతుంది. పెద్ద మొత్తం వచ్చిన నెలకు సరిపోదు. ఉదాహరణలోని ఏప్రిల్‌నే చూద్దాం. సగం లెక్కలో రాబడి 8.8 శాతం వచ్చింది. ఆ 2 లక్షలు నిజానికి ఏప్రిల్ 28న జమ అయి ఉంటే, నెలలో రెండు రోజులే పనిచేసినట్టు. రోజుల వాటా ప్రకారం కడితే భాజకం 8,80,000కు తగ్గి రాబడి 9.7 శాతం అవుతుంది. ఏప్రిల్ 3నే జమ అయి ఉంటే 8.1 శాతం. పోర్ట్‌ఫోలియో విలువలో పదో వంతు దాటిన జమ గానీ ఉపసంహరణ గానీ ఉన్న నెలకు తేదీ చూసి, ఆ సొమ్ము నెలలో ఎన్ని రోజులు ఉందో ఆ భిన్నంతో గుణించడం మంచిది. మిగతా నెలలకు సగం చాలు.

జమ అంటే ఏమిటన్నది కూడా తేల్చుకోవాలి. షేర్ల డివిడెండు నేరుగా బ్యాంకు ఖాతాకు వెళ్తుంది, డీమ్యాట్ విలువలో కనిపించదు. కానీ డివిడెండు మేరకు షేరు ధర సర్దుకుంటుంది. దాన్ని ఉపసంహరణగా రాయకపోతే డివిడెండు వచ్చిన ప్రతి నెలా కొంత నష్టం వచ్చినట్టు తేలుతుంది. డివిడెండు చేతికిచ్చే రకం ఫండ్లకూ ఇదే వర్తిస్తుంది. ఫండ్ల లావాదేవీల్లో తేదీ, సొమ్ము, యూనిట్లు ఉంటాయి గనుక పని సులువు. షేర్ల విషయంలో డిపాజిటరీ స్టేట్‌మెంటు ఎన్ని షేర్లు వచ్చాయో పోయాయో చెబుతుంది గానీ ఎంతకు కొన్నారో చెప్పదు. ఆ సొమ్ము కోసం బ్రోకరు పంపిన కాంట్రాక్టు నోటు చూడాలి.

బోనస్ షేర్లు, షేర్ల విభజన దగ్గర మరో చిక్కు ఉంది. ఒకటికి ఒకటి బోనస్ ప్రకటించిన షేరు ధర, బోనస్ హక్కు లేకుండా ట్రేడింగ్ మొదలయ్యే ఎక్స్ తేదీన దాదాపు సగానికి దిగుతుంది. కొత్త షేర్లు ఖాతాలో పడడానికి ఆ తర్వాత కొంత సమయం పడుతుంది. ఈ వ్యవధి మధ్యలో నెలాఖరు వస్తే స్టేట్‌మెంటులో ఆ షేరు విలువ సగమై కనిపిస్తుంది, మరుసటి నెల రెట్టింపవుతుంది. రెండు నెలలూ విచలనాన్ని పెంచుతాయి. మొదటిది పతనంగానూ నమోదవుతుంది. ఒక నెల పెద్ద తగ్గుదల, వెంటనే దాదాపు అంతే తిరుగుదల కనిపిస్తే, మార్కెట్‌లో ఆ నెల ఏమీ జరగకపోతే, మొదట చూడాల్సింది ఇదే. రావాల్సిన షేర్లను ఆ నెలాఖరు ధరతో కలిపి విలువను సరిచేసుకోవాలి.

సెబీ నిబంధనల ప్రకారం ఖాతాలో లావాదేవీ జరిగిన నెలకే క్యాస్ వస్తుంది. ఏ లావాదేవీ లేకపోతే ఆరు నెలలకోసారి పంపుతారు. సిప్ నడుస్తున్నవారికి నెలనెలా వస్తుంది గనుక ఇబ్బంది లేదు. సిప్ ఆపేసినవారి వరుసలో ఖాళీలు ఉంటాయి. ఆ ఖాళీలను వదిలేసి, ఉన్న విలువలతో విచలనం కట్టి 12 వర్గమూలంతో గుణిస్తే తప్పు. ఆరు నెలల మార్పును ఒక నెల మార్పుగా లెక్కించినట్టవుతుంది. యూనిట్ల సంఖ్య తెలుసు, పాత ఎన్‌ఏవీలు మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం యాంఫీ వెబ్‌సైటులో తేదీల వారీగా దొరుకుతాయి. రెండూ గుణించి లేని నెలలను నింపుకోవచ్చు.

నెలాఖరు సెలవు రోజైతే దానికి ముందటి చివరి ట్రేడింగ్ రోజు ధర తీసుకోవాలి. 2020 నవంబర్ 30న గురునానక్ జయంతి కారణంగా మార్కెట్‌కు సెలవు, కాబట్టి ఆ నెలకు ఈక్విటీ ధరలు 27వ తేదీవి.

ఇంత చేశాక చేతికొచ్చిన 21.3 శాతం సరైన లెక్కే. కానీ అది ఆ కుటుంబం అనుభవించిన అసలు లోతు కాదు. నిఫ్టీ 50 సూచీ మీద ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది.

2020 పతనానికి ముందు నిఫ్టీ అత్యధిక ముగింపు జనవరి 14న 12,362.30. మార్చి 23న, ఒకే రోజు దాదాపు 13 శాతం పడి 7,610.25 దగ్గర ముగిసింది. రోజువారీ ముగింపుల్లో ఆ పతనం 38.4 శాతం. ఇప్పుడు నెలాఖరు విలువలే ఉన్నాయనుకుందాం. 2019 డిసెంబర్ 31న 12,168.45, 2020 మార్చి 31న 8,597.75. ఈ లెక్కలో పతనం 29.3 శాతం మాత్రమే. సూచీ అదే, కాలమూ అదే, అయినా 9 శాతం పాయింట్లు మాయమయ్యాయి. శిఖరం రెండు నెలాఖరుల మధ్య వచ్చి పోయింది. అడుగు మార్చి 23న తగిలి, 31వ తేదీకల్లా సూచీ 13 శాతం పైకి లేచింది. నెలాఖరు చూపుకు రెండూ అందలేదు.

ఈ పొరపాటు ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంది. నెలాఖరు రోజులు కూడా రోజువారీ వరుసలో భాగమే కాబట్టి, కొన్ని రోజుల్లోంచి వెతికిన గరిష్ఠ పతనం అన్ని రోజుల్లోంచి వెతికిన దాన్ని మించడం అసాధ్యం. అందువల్ల నెలాఖరు లెక్కలో వచ్చిన పతనాన్ని ‘కనీసం ఇంత’ అని చదవాలి. ఎంత తక్కువ చూపిందన్నది పతనం ఆకారం మీద ఆధారపడుతుంది. 2008లో నిఫ్టీ జనవరి 8న 6,287.85 నుంచి అక్టోబర్ 27న 2,524.20కు దిగింది, రోజువారీ లెక్కలో 59.9 శాతం. నెలాఖరు లెక్కలో 2007 డిసెంబర్ చివరి 6,138.60 నుంచి 2008 నవంబర్ చివరి 2,755.10 వరకు, 55.1 శాతం. అప్పుడు తేడా 5 శాతం పాయింట్ల లోపే. నెలల తరబడి సాగి, చాలాకాలం అడుగునే ఉండిపోయిన పతనాన్ని నెలాఖరు విలువలు బాగానే పట్టుకుంటాయి. వారాల్లో పడి వారాల్లో లేచే పతనాన్ని వదిలేస్తాయి. 2008 అడుగు తేదీని కూడా అవి అక్టోబర్ బదులు నవంబర్‌గా చూపిస్తాయి.

ఈ లోటును పూడ్చుకోవడానికి రోజువారీ లెక్కలన్నీ కట్టనక్కర్లేదు. పతనం జరిగిన నెలలో సూచీ ఎప్పుడు అడుగు తాకిందో తెలుసు. ఆ ఒక్క రోజుకు పోర్ట్‌ఫోలియో విలువ కడితే చాలు. ఉదాహరణలోని కుటుంబం మార్చి 23 నాటి యూనిట్లను ఆ రోజు ఎన్‌ఏవీలతో గుణిస్తే 7,87,000 వచ్చిందనుకుందాం. ఫిబ్రవరి చివరి విలువ 9,92,000, మార్చి 10న సిప్ 25,000. నష్టం 2,30,000. ఆ సిప్ సొమ్ము 23 రోజుల్లో 13 రోజులు పనిచేసింది కాబట్టి భాజకం సుమారు 10,06,000. రాబడి మైనస్ 22.9 శాతం. ఫిబ్రవరి చివరి సూచీ 94.4 నుంచి అది 72.8కు దిగుతుంది. పతనం 21.3 కాదు, కనీసం 27.2 శాతం. ఒక రోజు విలువ కట్టడానికి పట్టే అరగంటకు ఇది చాలా మంచి ఫలితం.

ఈ తేడా పైకి కనిపించే కంటే పెద్దది. 29.3 శాతం పడిన పెట్టుబడి పాత స్థాయికి రావాలంటే 41.5 శాతం పెరగాలి. 38.4 శాతం పడితే 62.4 శాతం పెరగాలి. మళ్లీ అలాంటి మార్చి వస్తే ఓపిక పట్టగలమా అని ఆలోచించేవారు మొదటి అంకెను చూసి నిర్ణయం తీసుకుంటే, రెండో అంకె ఎదురైన రోజున భయపడి అమ్మేసే ప్రమాదం ఉంది.

ఒడుదొడుకుల లెక్కకు నెలాఖరు చూపు అంత అన్యాయం చేయదు. చాలా ఫండ్ల ఫ్యాక్ట్‌షీట్లలో ఇచ్చే ప్రామాణిక విచలనం కూడా మూడేళ్ల నెలసరి రాబడుల మీద కట్టిందే. అక్కడ అసలు సమస్య నెలల సంఖ్య. 2020లో నిఫ్టీ 12 నెలసరి రాబడులకు విచలనం 10.0 శాతం, ఏడాదికి 34.6 శాతం. సగటు నుంచి ఉన్న దూరాల వర్గాలను కూడితే వచ్చే మొత్తంలో సగానికి పైగా, 56 శాతం, మైనస్ 23.2 శాతంగా ముగిసిన ఒక్క మార్చి నెలదే. ఆ నెలను పక్కనపెట్టి మిగతా పదకొండుతో కడితే వార్షిక విచలనం 22.5 శాతానికి పడిపోతుంది. అంటే ఏడాది లెక్క ఒక నెల లోపల ఉందా బయట ఉందా అన్నదాని మీద నిలబడింది. అందుకే పన్నెండు నెలల స్టేట్‌మెంటుతో వచ్చిన విచలనాన్ని గట్టి అంకెగా తీసుకోకూడదు. రాబడులు సగటుకు రెండు వైపులా సమంగా చెదిరే మామూలు పంపిణీలో ఉన్నాయనుకున్నా, 12 నెలలతో కట్టిన విచలనంలో దాదాపు ఐదో వంతు అటూ ఇటూ పొరపాటు ఉంటుంది. 36 నెలలకు అది ఎనిమిదో వంతుకు, 60 నెలలకు పదకొండో వంతుకు తగ్గుతుంది. నిజానికి రాబడుల్లో మార్చి 2020 లాంటి అరుదైన పెద్ద కదలికలు ఉంటాయి కాబట్టి పొరపాటు అంతకంటే ఎక్కువే.

ఈ రెండు కొలతలూ ఒకదానికొకటి బదులు కావన్నది కూడా ఈ 12 నెలలే చూపిస్తాయి. విచలనానికి నెలల వరుసతో పనిలేదు, ఎలా తిరగేసి రాసినా 10.0 శాతమే. పతనానికి వరుసే ప్రాణం. ఆ ఏడాది నష్టపోయిన నెలలు ఐదు: జనవరి, ఫిబ్రవరి, మార్చి, మే, సెప్టెంబర్. అవి ఒకదాని వెంట ఒకటి వచ్చి ఉంటే పతనం 32.2 శాతం అయ్యేది. మధ్యమధ్యలో తగినంత పెరిగిన నెలలు పడి ఉంటే మార్చి ఒక్కదాని 23.2 శాతంతో ఆగేది. జరిగినది 29.3. మూడింటికీ విచలనం ఒకటే. ఒక ఫండు ఒడుదొడుకులు తక్కువని చూసి దాని పతనం కూడా తక్కువే ఉంటుందని అనుకునేవారు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

12 వర్గమూలంతో గుణించడానికి కూడా ఒక షరతు ఉంది. ఒక నెల రాబడికి తర్వాతి నెల రాబడితో సంబంధం లేదన్న అంచనా మీద అది నిలబడుతుంది. రోజూ ధర పలికే షేర్లకు, ఈక్విటీ ఫండ్లకు అది చాలావరకు సరిపోతుంది. ధర నెమ్మదిగా నమోదయ్యే ఆస్తులకు సరిపోదు. ఫిక్స్‌డ్ డిపాజిట్టు, పీపీఎఫ్ నెలనెలా ఒకే రీతిలో పెరుగుతాయి. హైదరాబాద్ శివార్లలోనో విజయవాడ దగ్గరో ఉన్న ఇంటి స్థలాన్ని ఏడాదికోసారి మధ్యవర్తి చెప్పిన ధరతో రాసుకుంటే, పదకొండు నెలలు విచలనం సున్నా. ఇలాంటివి పోర్ట్‌ఫోలియో విలువలో కలిపితే మొత్తం ఒడుదొడుకులు సగానికి తగ్గినట్టు తేలవచ్చు. స్థలం ధర కదలలేదని కాదు, ఎవరూ అడగలేదు కాబట్టి నమోదు కాలేదు. ఈ లెక్కను నెలాఖరు ధర నిజంగా తెలిసిన ఆస్తులకే పరిమితం చేసి, మిగతావాటిని వేరే కాగితం మీద ఉంచడం మేలు.

చివరికి లెక్కను రాసుకునేటప్పుడు ఒక్క శాతం రాసి వదిలేస్తే ఏడాది తర్వాత అది దేనిదో తెలియదు. ఉదాహరణ కుటుంబం తన నోటు పుస్తకంలో రాసుకోవాల్సింది ఇలా ఉంటుంది: జమలు తీసేశాక, నెలాఖరు విలువల ప్రకారం గరిష్ఠ పతనం 21.3 శాతం, 2019 డిసెంబర్ నుంచి 2020 మార్చి వరకు. మార్చి 23 విలువతో 27.2 శాతం, 2020 జూలై చివరికి పాత శిఖరానికి ఇంకా 7 శాతం దిగువన, వార్షిక విచలనం 29 శాతం, ఏడు నెలల లెక్కే కాబట్టి ఇంకా నమ్మదగింది కాదు, 36 నెలలు నిండాక మళ్లీ కట్టాలి.